దాచుకున్న షేర్ల మీద కాల్ అమ్మితే నెలనెలా ఆదాయం వస్తుందా?

ప్రశ్న: విశాఖపట్నం పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. వయసు 62. సీతమ్మధారలో సొంత ఇల్లు, పెన్షన్ ఉన్నాయి. 2012, 2014 మధ్య సగటున 200 రూపాయలకు కొన్న ఒక బ్యాంకు షేర్లు 1,600 ఉన్నాయి. ఇప్పుడు ధర 800 దగ్గర ఉంది. అమ్మే ఉద్దేశం లేదు. ఒక లాట్ అంటే 750 షేర్లు కాబట్టి ప్రతి నెలా రెండు లాట్ల కవర్డ్ కాల్స్ అమ్మితే ఇంటి అద్దెలా నెలకు 12 వేలు వస్తాయని, షేర్లు చేతిలోనే ఉన్నాయి గనుక రిస్కు లేదని మా అల్లుడు అంటున్నాడు. చేయవచ్చాండీ?

సమాధానం: మీ అల్లుడుగారి లెక్క సరిగానే ఉంది గానీ పోలిక కుదరలేదు. అద్దెకిచ్చిన ఇల్లు ఏడాది తిరిగినా మీ ఇల్లే, దాని విలువ పెరిగితే ఆ పెరుగుదల మొత్తం మీదే. కాల్ అమ్మడం అలాంటి వ్యవహారం కాదండీ. మన వైపు స్థలాల బేరాల్లో బయానా పుచ్చుకోవడానికి అది చాలా దగ్గర. మధురవాడలో మీకొక స్థలం ఉందనుకోండి. ఒకాయన వచ్చి, "నెలాఖరున నాకు ఇష్టమైతే దీన్ని ఫలానా ధరకు కొంటాను, ఇష్టం లేకపోతే కొనను, అందాకా మీరు మాట తప్పకుండా ఉండేందుకు ఈ డబ్బు ఉంచుకోండి" అంటాడు. ఆయన కొనుక్కున్న ఆ హక్కే కాల్ ఆప్షన్, ఆ డబ్బే ప్రీమియం, ఆ ధరే స్ట్రైక్. మామూలు బయానాను ఆఖరున స్థలం ధరలో మినహాయిస్తారు. ఇక్కడ మినహాయింపు లేదు, ఆయన కొన్నా కొనకపోయినా ప్రీమియం మీదే. అయితే ధర పెరిగినప్పుడే ఆయన కొనడానికి వస్తాడు, తగ్గితే గుమ్మం తొక్కడు. భోగాపురం వైపు విమానాశ్రయం మాట వినిపించకముందు ఎకరానికి ఇంతని అగ్రిమెంటు రాసి బయానా తీసుకున్నవారి పరిస్థితి ఏమై ఉంటుందో మీరే ఊహించగలరు.

ఇప్పుడు మీ అంకెలతోనే ఒక నెల చూద్దాం. షేరు 800 దగ్గర ఉండగా వచ్చే నెల గడువుకు 840 స్ట్రైక్ ఉన్న కాల్‌ను 8 రూపాయలకు అమ్మారనుకుందాం. తెరపై ఇది CE అన్న అక్షరాలతో కనిపిస్తుంది. 750 షేర్ల లాటుకు చేతికి వచ్చేది 6,000 రూపాయలు, బ్రోకరేజీ, పన్నులు పోను కొంచెం తక్కువ. మీ అల్లుడుగారు చెప్పిన 12 వేలు రెండు లాట్ల మీద ఇలా వచ్చినవే. గడువు రోజున షేరు 830 దగ్గర ముగిస్తే మంచి ఫలితమే. కాల్ చెల్లకుండా పోతుంది, 6,000 మిగులుతుంది, షేర్ల విలువ కూడా 22,500 పెరుగుతుంది. అదే 920 దగ్గర ముగిస్తే మీరు 840కే ఇచ్చేయాలి. ప్రీమియం కలుపుకొన్నా షేరుకు 848 వచ్చినట్టు. మిగిలిన 72 రూపాయలు, అంటే ఒక లాటు మీద 54,000, కాల్ కొన్నవారికి వెళ్లిపోతుంది. తొమ్మిది నెలల పాటు పొల్లు పోకుండా వచ్చిన ప్రీమియానికి ఇది సమానం. షేరు 700కు పడిపోతే నష్టంలో ఆయనకు వాటా లేదు. 75,000 విలువ మీ దగ్గరే తరిగిపోతుంది, 6,000 ప్రీమియం అందులో కొద్దిగా పూడుస్తుంది. పైన కప్పు వేసి ఉంటుంది, కింద నేల ఉండదు. కవర్డ్ కాల్ స్వభావమే అది. "రిస్కు లేదు" అన్న మాటలో నిజమున్న భాగం ఒకటే. షేర్లు చేతిలో లేకుండా కాల్ అమ్మినవారికి పైకి అంతులేని నష్టం ఉంటుంది, మీకు అది ఉండదు. షేరు పడిపోయే రిస్కు మాత్రం మునుపటిలాగే మీదే.

ఇలా దూకే నెల ఎంత తరచుగా వస్తుందన్నది సహజమైన ప్రశ్న. ఆప్షన్ తెరలో డెల్టా అనే అంకె కనిపిస్తుంది. మన ఉదాహరణలాంటి కాల్‌కు అది 0.25 చుట్టుపక్కల ఉంటుంది. స్థూలంగా చూస్తే, నాలుగు నెలల్లో ఒక నెల షేరు ఆ ధర దాటవచ్చని మార్కెట్ లెక్క వేసుకున్నదని అర్థం. అంటే ఏడాదిలో పన్నెండు కాల్స్ అమ్మితే దాదాపు మూడు నెలలు మీ షేర్లకు కొనుగోలుదారు తలుపు తడతాడని ముందే అనుకోవాలి. ఆ సంఖ్య చూశాక అద్దె అన్న పోలిక ఎవరికైనా వదిలిపోతుంది. స్ట్రైక్ పైకి జరిపితే తాకిడి తగ్గుతుంది గానీ డబ్బు కూడా అంతే వేగంగా తగ్గుతుంది. ఇదే షేరుకు 820 కాల్ 14 రూపాయలు పలికే సమయంలో 880 కాల్‌కు 2 రూపాయలు వస్తే ఎక్కువ. లాటుకు 1,500 కోసం నెలంతా మార్జిన్ అనే హామీ సొమ్ము కట్టి కూర్చోవడం నా దృష్టిలో శ్రమకు తగ్గ ఫలితం కాదు.

పెద్ద పెరుగుదల వదులుకోవడం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. దీర్ఘకాలం షేర్లు ఉంచుకున్నవారు నిజంగా నష్టపోయేది అక్కడే. మొదటి నెల 840 కాల్‌కు 8 రూపాయలు తీసుకున్నారు, ఆ నెలలో షేరు 720కి పడింది. రెండో నెల 840 కాల్‌ను అడిగేవాడు ఉండడు, నాలుగణాలు కూడా రావు. నెలసరి ఆదాయానికి అలవాటు పడిన మనసు అప్పుడు 750 స్ట్రైక్ వైపు చూస్తుంది, ఎందుకంటే దానికి 9 రూపాయలు వస్తున్నాయి. ఆ కాల్ అమ్మిన నెలలోనే షేరు కోలుకుని 810కి చేరింది. ఇప్పుడు మీరు 750కే ఇచ్చేయాలి. రెండు నెలల ప్రీమియం 17 కలిపితే షేరుకు 767. ఏమీ చేయకుండా ఉన్న మీ పొరుగాయన చేతిలో అదే షేరు 810 ఉంది. ఒక లాటు మీద తేడా 32,250. విచిత్రమేమిటంటే, ఈ రెండు నెలల్లో షేరు నికరంగా 10 రూపాయలు పెరిగింది, ప్రీమియం రెండుసార్లూ చేతికి వచ్చింది, అయినా మనిషి నష్టపోయాడు. పడినప్పుడు పూర్తిగా మీ షేర్లతో పడి, లేచేటప్పుడు తక్కువ కప్పు కింద ఇరుక్కోవడమే దీనికి కారణం. అందుకే షేరు బాగా పడిన నెలలో కాల్ అమ్మకుండా ఊరుకోవాలి. కొన్న ధర ఎంత అని కాకుండా, ఏ ధరకు వదులుకోగలరో ఆ ధర కంటే కింది స్ట్రైక్‌ను ఏ నెలలోనూ ముట్టుకోకూడదు. త్రైమాసిక ఫలితాలు వచ్చే నెలలో ప్రీమియం కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. అది ఊరికే పెరగదు, ఫలితాల మర్నాడు షేరు ఎగరవచ్చన్న భయానికి కట్టిన వెల అది.

అమెరికా మార్కెట్‌ను ఉద్దేశించి రాసిన పుస్తకాలు చదివితే, డివిడెండుకు ముందు రోజు కాల్ కొన్నవారు షేర్లు లాగేసుకుంటారన్న హెచ్చరిక కనిపిస్తుంది. మన దగ్గర ఆ బెంగ అక్కర్లేదు. ఎన్‌ఎస్‌ఈలో కంపెనీల షేర్ల ఆప్షన్లు 2011 నుంచి యూరోపియన్ పద్ధతిలోనే నడుస్తున్నాయి, కాబట్టి గడువు రోజుకు ముందు ఎవరూ మీ షేర్లు అడగలేరు. అందాకా వచ్చే డివిడెండు మీదే.

గడువు రోజున ఏమవుతుందో మాత్రం శ్రద్ధగా తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరు నుంచి ఎన్‌ఎస్‌ఈలో ఆ గడువు నెలలో చివరి మంగళవారానికి మారింది. 2019 అక్టోబరు నుంచి షేర్ల ఆప్షన్లన్నిటికీ డబ్బు తేడాతో కాకుండా షేర్లు చేతులు మారడం ద్వారానే పరిష్కారం జరుగుతోంది. అంటే గడువు రోజున షేరు 840 పైన ముగిస్తే 750 షేర్లు మీ డీమ్యాట్ నుంచి వెళ్లాలి. ఇంతవరకు సూటిగానే ఉంది. చిక్కు మార్జిన్ దగ్గర వస్తుంది. మీ ఖాతాలో షేర్లు ఉన్నంత మాత్రాన ఎక్స్చేంజి మీ కాల్‌ను భద్రమైనదిగా లెక్కించదు. షేర్లు లేనివారు అమ్మినట్టే మార్జిన్ అడుగుతుంది, ఆరు లక్షల విలువైన లాటుకు అది లక్ష దాటడం మామూలే. ఆ మార్జిన్‌కు షేర్లను తాకట్టు, అంటే ప్లెడ్జ్ పెట్టవచ్చు. బ్రోకరు పంపిన అభ్యర్థనకు డిపాజిటరీ ఓటీపీతో మీరు ఒప్పుకుంటే సరిపోతుంది, షేర్లు మీ ఖాతాలోనే ఉండి డివిడెండు మీకే వస్తుంది. కానీ మార్జిన్‌లో సగం నగదుగానో, లిక్విడ్ ఫండ్ వంటి నగదుతో సమానమైన రూపంలోనో ఉండాలి. లేకపోతే ఆ లోటు మీద బ్రోకరు వడ్డీ వేస్తాడు, నెల తిరిగేసరికి ప్రీమియంలో కొంత భాగం ఆ వడ్డీకే పోతుంది.

ప్లెడ్జ్‌లో ఉన్న షేరు అప్పగించడానికి స్వేచ్ఛగా ఉండదన్నది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న పాఠం. 2021లో ఒక కంపెనీ షేర్లు సరిగ్గా ఒక లాటు ఉండగా, వాటినే ప్లెడ్జ్ పెట్టి వాటి మీదే కాల్ అమ్మాను. గడువు రోజు మధ్యాహ్నం మూడు గంటలకు షేరు స్ట్రైక్‌కు రెండు రూపాయలు దిగువన ఉంది. ఇంకేం, చెల్లకుండా పోతుందని నిశ్చింతగా తెర మూసేశాను. అప్పట్లో ముగింపు ధరను చివరి అరగంట లావాదేవీల సగటుతో తేల్చేవారు. ఆ అరగంటలో కొనుగోళ్లు పెరిగి, సగటు స్ట్రైక్ కంటే రూపాయి పైన నిలిచింది. షేర్లేమో ప్లెడ్జ్‌లో ఇరుక్కున్నాయి, విడిపించే గడువు అప్పటికే దాటిపోయింది. అప్పగింత లోటు పడి, ఆ షేర్లను నా ఖర్చుతో వేలంలో కొనే దాకా వెళ్లింది. రూపాయి తేడాకు నేను కట్టిన మొత్తం ఆ కాల్ మీద వచ్చిన ప్రీమియానికి రెట్టింపు పైనే. నా బ్రోకరు ఈ నిబంధనను ఒప్పంద పత్రంలో ఎక్కడో రాసే ఉంచాడు, నేనే చదవలేదు.

మీ 1,600 షేర్లలో రెండు లాట్లు అమ్మవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదే ముఖ్య కారణం. రెండు లాట్లు అమ్మితే 1,500 షేర్లు అప్పగింతకు కట్టుబడిపోతాయి, మార్జిన్ కోసం మిగిలేది వంద షేర్లే. అదే ఒక్క లాటు అయితే 750 షేర్లను ఏ ప్లెడ్జూ లేకుండా పక్కన ఉంచి, మిగిలిన 850లో కొన్నిటిని, దానికి తోడు ఒక లిక్విడ్ ఫండ్‌లో అరవై, డెబ్బై వేలను మార్జిన్‌కు పెట్టుకోవచ్చు. షేరు ఎంత ఎగిరినా సగం పైచిలుకు షేర్లకు కప్పు ఉండదు. ప్లెడ్జ్‌లో ఉన్న షేర్లను గడువు రోజున అప్పగింతకు వాడుకుంటారా, ముందే విడిపించాలా, విడిపించాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నది ఒక్కో బ్రోకరు దగ్గర ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, ఫోన్లో విని ఊరుకోకుండా ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి.

షేర్లు పోకూడదనుకుంటే గడువుకు ముందు ఆ కాల్‌నే తిరిగి కొనేయవచ్చు గదా అని మీ అల్లుడుగారు అంటారు. కొనవచ్చు. షేరు 920 దగ్గర ఉంటే ఆ కాల్ 82 రూపాయల దగ్గర ఉంటుంది, లాటుకు 61,500 అప్పటికప్పుడు నగదు కట్టాలి. షేర్ల మీద లాభం కాగితం మీద ఉంది, కాల్ మీద నష్టం జేబులోంచి పోతోంది. పైగా ఆ కాల్ మీద 55,500 నష్టం ఆదాయపు పన్ను లెక్కల్లో వ్యాపార నష్టం. ఆ ఏడాది వడ్డీ ఆదాయం, షేర్ల లాభం వంటివాటితో దాన్ని సర్దుకోవచ్చు గానీ పెన్షన్‌తో సర్దుకోనివ్వరు, ఎందుకంటే పెన్షన్‌ను జీతంగానే చూస్తారు. మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లినా, అది వ్యాపార లాభానికి మాత్రమే సర్దుబాటు అవుతుంది.

పన్ను విషయం ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నెలకు ఆరు వేలు అన్న అంకెను అదే ఎక్కువగా కొరుకుతుంది. కాల్ ప్రీమియం మీద లాభం మీ స్లాబు ప్రకారం పన్ను పడే వ్యాపార ఆదాయం. దాంతో మీరు మామూలుగా వేసే రిటర్న్ చాలదు, సాధారణంగా ఐటీఆర్-3 వేయాలి. అరవై దాటిన వారికి వ్యాపార ఆదాయం లేకపోతే అడ్వాన్స్ టాక్స్ కట్టే పని లేదన్న సౌకర్యాన్ని మీరు ఇప్పుడు అనుభవిస్తూ ఉండి ఉంటారు. ఒక్క కాల్ అమ్మినా ఆ సౌకర్యం పోతుంది. టీడీఎస్ పోను ఏడాదికి కట్టాల్సిన పన్ను పది వేలు దాటితే విడతలవారీగా ముందే కట్టాలి, కట్టకపోతే వడ్డీ పడుతుంది.

షేర్లు వెళ్లిపోయిన నెలలో పన్ను మరో రూపంలో వస్తుంది. 2018 జనవరి 31కి ముందు కొన్న షేర్లకు ఆ రోజు గరిష్ఠ ధరను కొన్న ధరగా చూపుకోనిస్తారు. అది 310 అనుకుంటే, 840కి 750 షేర్లు వెళ్లిపోయినప్పుడు లాభం 3,97,500. అందులో ఏడాదికి మినహాయింపు ఉన్న 1,25,000 తీసేసి, మిగిలినదాని మీద 12.5 శాతం పన్ను, సెస్సు కలిపితే 35,425 అవుతుంది. ఆరు వేల ప్రీమియం కోసం అమ్మిన కాల్, మీరు ఎప్పుడో నెమ్మదిగా తేల్చుకోగలిగిన, బహుశా ఎన్నడూ కట్టాల్సిన అవసరం రాని పన్నును ఒకే నెలలో మీ మీదికి తెస్తుంది.

ఈ మినహాయింపు మాట వచ్చింది కాబట్టి, కాల్స్ జోలికి వెళ్లేముందు పక్కన పెట్టి చూడవలసిన లెక్క ఒకటి చెబుతాను. ఒక లాటు మీద నెలకు ఆరు వేలు ఏ ఆటంకమూ లేకుండా వచ్చినా ఏడాదికి 72,000. ఇప్పుడున్న ధరకు 90 షేర్లు అమ్మితే అదే 72,000 వస్తుంది. అందులో పన్ను లెక్కకు వచ్చే లాభం షేరుకు 490 చొప్పున 44,100, అది మినహాయింపు పరిధిలోనే ఉంది కాబట్టి, వేరే అమ్మకాలు లేకపోతే పన్ను సున్నా. మార్జిన్ లేదు, ప్లెడ్జ్ లేదు, ఐటీఆర్-3 లేదు, మిగిలిన 1,510 షేర్లకు కప్పూ లేదు. షేర్లు తగ్గిపోతాయన్నది నిజం, ధర పెరగకపోతే ఏటా ఇంకా ఎక్కువ అమ్మాల్సి వస్తుంది. కానీ కాల్ అమ్మినా షేర్లు వెళ్లవచ్చు, పైగా అవి ఎప్పుడు వెళ్లాలో నిర్ణయించేది మీరు కాదు. అమ్మే ఉద్దేశం లేదని రాశారు. ఆ మాట మీరు స్థిరంగా అన్నదైతే, కవర్డ్ కాల్ మీకు పనికిరాదు. ఏ ధరకైనా సరే వదులుకోలేని వస్తువు మీద బయానా తీసుకోకూడదు గదండీ.

ఒకవేళ మీరూ, మీ ఇంటావిడగారూ కూర్చుని మాట్లాడుకుని, ఒక ధర దగ్గర సగం వదులుకున్నా ఫర్వాలేదని నిజంగా అనుకుంటే అప్పుడు పరిస్థితి మారుతుంది. ఆ ధర 840 అనుకుందాం. ఎలాగూ అక్కడ అమ్మదలచుకున్నవారికి అక్కడికి చేరేదాకా ప్రీమియం అందడం లాభమే, చేరిన రోజున షేర్లు పోవడం బాధ కాదు. అలాగైతే ఒక్క లాటు, ఫలితాలు లేని నెల చూసుకుని, గడువు నాలుగు వారాల దూరంలో ఉన్నప్పుడు అమ్మండి. మార్కెట్ ధరకు ఆర్డరు పెట్టవద్దు. షేర్ల ఆప్షన్లలో కొనేవారు అడిగే ధరకూ అమ్మేవారు చెప్పే ధరకూ మధ్య రూపాయి, రెండు రూపాయల ఎడం తరచుగా ఉంటుంది, 750 షేర్ల మీద రూపాయి అంటే 750 రూపాయలు. మీకు కావలసిన ధర లిమిట్ ఆర్డరుగా పెట్టి ఊరుకోండి. 8 రూపాయలకు అమ్మినది రెండు వారాల్లో 1.50కి దిగితే తిరిగి కొనేసి బయటపడండి, ఎందుకంటే మిగిలిన పదకొండు వందల కోసం మరో రెండు వారాలు షేర్లను కట్టుబడి ఉంచడంలో అర్థం లేదు. గడువు వారంలో షేరు 840కి ఐదారు రూపాయల దూరంలో తచ్చాడుతుంటే సోమవారమే తేల్చుకోండి, వదులుకోవడమా, తిరిగి కొనడమా అని. మంగళవారం మధ్యాహ్నం దాకా ఆగవద్దు.